టోర్, వీపీఎన్, ప్రైవేట్ రిలే: ఎవరి కంట పడకూడదో తేల్చుకుంటే ఏది వాడాలో తెలుస్తుంది

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఏడాదికి డబ్బు కట్టి వీపీఎన్ తీసుకున్నా. ఇప్పుడు ఎవరో టోర్ వాడమంటున్నారు. రెండూ ఐపీ దాచేవే కదా, తేడా ఏంటి?" అన్నాడు. "నువ్వు ఎవరి కంట పడకూడదనుకుంటున్నావ్?" అని అడిగా. కాసేపు ఆలోచించి "అందరి కంటా" అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. అందరి కళ్లూ కప్పే సాధనం ఏదీ లేదు. ఒక్కొక్కటీ కొందరి కళ్లు కప్పి, ఇంకొకరి ముందు మనల్ని నిలబెడుతుంది.

ప్రతి కనెక్షన్‌కీ రెండు కొసలు ఉంటాయి. ఒక కొసన మీరు, రెండో కొసన సైటు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి కాబట్టి మధ్యలో వాళ్లు మీరు ఏం చదివారో, ఏం టైప్ చేశారో చూడలేరు. కానీ మీ ఇంటి నుంచి రాత్రి 11 గంటలకు ఒక హెచ్ఐవీ పరీక్షల ల్యాబ్ సైటుకు కనెక్షన్ వెళ్లిందన్న సంగతి మీ నెట్ కంపెనీకి తెలుస్తుంది. అవతల ఆ సైటుకు మీ ఐపీ తెలుస్తుంది. లోపలి ఉత్తరం ఎంత భద్రంగా ఉన్నా, కవరు మీద 'నుంచి', 'కి' అన్న రెండు పేర్లూ బయటికే ఉన్నట్టు లెక్క. ఈ రెండు పేర్లనూ ఒకేచోట కలిపి చూడగలిగేది ఎవరు? ఏది ఎంచుకున్నా అడగాల్సింది ఈ ఒక్క ప్రశ్నే.

వీపీఎన్: కళ్లు తగ్గవు, చోటు మారుతాయి

వీపీఎన్ పెట్టుకుంటే మీ నెట్ కంపెనీకి కనపడేది ఒక్కటే: మీరు ఫలానా వీపీఎన్ సర్వర్‌తో మాట్లాడుతున్నారు. సైటుకు కనపడేది వీపీఎన్ సర్వర్ ఐపీ. బాగానే ఉంది. కానీ ఆ వీపీఎన్ కంపెనీకి రెండు కొసలూ కనపడతాయి. పైగా మీరు కార్డుతో డబ్బు కట్టారు కాబట్టి పేరు కూడా తెలుసు. 'మీరు ఎక్కడికి వెళ్లారో రాసిపెట్టే లాగ్స్ ఉంచుకోం' అన్న వాళ్ల మాట నిజమా కాదా అన్నది బయట కూర్చుని మనం తేల్చగలిగింది కాదు.

మన దేశంలో దీనికి ఇంకో ముడి ఉంది. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు కస్టమర్ల పేరు, చిరునామా, వాళ్లకు కేటాయించిన ఐపీ వంటి వివరాలు ఐదేళ్ల పాటు భద్రపరచాలి. దాంతో కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసి, ఇండియా ఐపీని సింగపూర్ లాంటి చోట్ల నుంచి ఇవ్వడం మొదలుపెట్టాయి. అంటే యాప్‌లో 'ఇండియా' అని కనిపించినంత మాత్రాన ఆ సర్వర్ ఇండియాలో ఉందని కాదు, ఇండియాలోనే ఉంటే మీ వివరాలు రాసిపెట్టే పుస్తకం కూడా అక్కడే ఉందని అర్థం.

అయినా వీపీఎన్ పనికిరానిదని నేను అనను. హాస్టల్ వైఫై నడిపేవాడు, రైల్వే స్టేషన్‌లో పక్కన ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నవాడు, ఊళ్లోని కేబుల్ నెట్ ఆపరేటర్... వీళ్లే మీ భయం అయితే వీపీఎన్ చాలు. వేగంగా ఉంటుంది, ఓటీటీ కూడా చూసుకోవచ్చు.

ఆపిల్ వాళ్లు 2021లో తెచ్చిన ప్రైవేట్ రిలే ఇంకో అడుగు ముందుకేసింది. అందులో రెండు మజిలీలు ఉంటాయి. మొదటిది ఆపిల్‌ది, దానికి మీ ఐపీ తెలుసు కానీ సైటు పేరు తెలియదు. రెండోది వేరే కంపెనీది, దానికి సైటు తెలుసు, మీరెవరో తెలియదు. ఆలోచన చక్కగా ఉంది. కానీ ఇది ప్రధానంగా సఫారీకే పరిమితం, పైగా ఆ రెండు కంపెనీలకూ ఒప్పందం ఉంది. ప్రకటనల వాళ్ల వెంటపాటు తప్పించుకోవడానికి సరిపోతుంది, అంతకుమించి దాని మీద బరువు పెట్టకండి.

ఉల్లిపాయ పొరల లోపల జరిగేది

టోర్‌కు మూలమైన ఆనియన్ రూటింగ్‌కు పునాది పడింది 1990ల మధ్యలో, అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలలో. పాల్ సైవర్సన్, మైఖేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ దాని మొదటి రూపకర్తలు. ఆ తర్వాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ సైవర్సన్‌తో కలిసి టోర్‌ను తయారుచేశారు. సైన్యం కనిపెట్టినదాన్ని అందరికీ ఎందుకు ఇచ్చారని చాలామందికి అనుమానం. కారణం సూటిగా ఉంది: నేవీ వాళ్లు మాత్రమే వాడే దారి అయితే, ఆ దారిలో వచ్చే ప్రతివాడూ నేవీ వాడేనని తెలిసిపోతుంది. దాక్కోవాలంటే జనం కావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరపడుతుంది.

టోర్ బ్రౌజర్ తెరవగానే అది స్వచ్ఛందంగా కొందరు నడిపే వేల రిలేల, అంటే మధ్యవర్తి సర్వర్ల, జాబితా తెచ్చుకుని, మూడింటిని ఎంచుకుంటుంది: గార్డ్, మధ్య రిలే, ఎగ్జిట్. ముందుగా గార్డ్‌తో ఒక రహస్య తాళం కుదుర్చుకుంటుంది. తర్వాత గార్డ్ ద్వారానే మధ్య రిలేతో రెండో తాళం, ఆ రెండింటి మీదుగా ఎగ్జిట్‌తో మూడో తాళం. మీరు పంపే ప్రతి ముక్కకూ మీ కంప్యూటర్‌లోనే మూడు పొరలు చుడతారు. గార్డ్ తన పొర విప్పి 'దీన్ని ఫలానా రిలేకి ఇవ్వు' అన్నది మాత్రమే చూస్తుంది. మధ్య రిలే తన పొర విప్పుతుంది, దానికి మీరూ తెలియరు, సైటూ తెలియదు. ఎగ్జిట్ చివరి పొర విప్పి సైటుకు అందిస్తుంది. ముక్కలన్నీ ఒకే సైజు, ఇప్పుడు 514 బైట్లు. సైజు చూసి 'ఇదిగో ఇది ఆ ముక్కే' అని గుర్తుపట్టడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటు అది.

ఇది కంటితో చూడొచ్చు. టోర్ బ్రౌజర్‌లో ఏదైనా సైటు తెరిచి, అడ్రస్ బార్‌లో ఎడమ పక్కన సర్క్యూట్‌ను, అంటే ఈ మూడు రిలేల దారిని, చూపించే గుర్తు నొక్కండి. మూడు దేశాల పేర్లు వరసగా వస్తాయి, మొదటిదాని పక్కన Guard అని ఉంటుంది. వేరే ట్యాబ్‌లో ఇంకో సైటు తెరిచి మళ్లీ చూడండి. చివరి రెండూ మారతాయి, గార్డ్ మాత్రం అదే. రేపు చూసినా, వచ్చే వారం చూసినా అదే ఉండొచ్చు. చాలామంది దీన్ని బగ్ అనుకుని టెన్షన్ పడతారు.

అది కావాలని చేసిందే. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక నిఘా సంస్థ చేతిలో గార్డ్‌ల సామర్థ్యంలో పదో వంతు, ఎగ్జిట్‌లలో పదో వంతు ఉన్నాయనుకోండి. ఒక సర్క్యూట్‌లో రెండు కొసలూ వాళ్లకే చిక్కే అవకాశం నూటికి ఒకటి. ప్రతిసారీ కొత్త గార్డ్ తీసుకుంటూ పోతే, వంద సర్క్యూట్లు అయ్యేసరికి కనీసం ఒక్కసారైనా దొరికిపోయే అవకాశం 63 శాతం దాకా పెరుగుతుంది. రోజూ వాడేవాడికి వంద సర్క్యూట్లు ఎంతసేపు? అదే ఒక్క గార్డ్‌నే నెలల తరబడి పట్టుకుంటే, పదిమందిలో ఒకడికి చెడ్డ గార్డ్ తగులుతుంది, వాడి పని అయిపోయినట్టే. మిగతా తొమ్మిది మందీ ఆ గార్డ్ ఉన్నంత కాలం ఈ దాడికి చిక్కరు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు దొరకడం కంటే ఇది నయమని వాళ్ల లెక్క. నాకూ అదే సబబనిపిస్తుంది.

పొరలు చెక్కుచెదరకపోయినా మనిషి దొరికాడు

2013 డిసెంబర్ 16, సోమవారం. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీకి పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక ఈమెయిల్ వచ్చింది. నాలుగు భవనాల పేర్లు చెప్పి, వాటిలో రెండింట్లో బాంబులున్నాయని బెదిరింపు. భవనాలు ఖాళీ చేయించారు, పరీక్షలు ఆగిపోయాయి. పంపినవాడు ఆ రోజు పరీక్ష రాయాల్సిన ఒక విద్యార్థి. పరీక్ష తప్పించుకోవడానికి చేసిన పని. అతను జాగ్రత్తలు బాగానే తీసుకున్నాననుకున్నాడు: టోర్ వాడాడు, దాని మీదుగా తాత్కాలిక మెయిల్ అడ్రస్ ఇచ్చే గెరిల్లా మెయిల్ వాడాడు.

పోలీసులు ఉల్లిపాయ జోలికే వెళ్లలేదు. మెయిల్ సేవకు టోర్ మీదుగా వచ్చారని తెలిసింది. అక్కడితో దారి ఆగిపోవాలి నిజానికి. కానీ వాళ్లు మొదటి కొస నుంచి, అంటే పంపినవాడి వైపు నుంచి, మొదలుపెట్టారు. బెదిరింపు హార్వర్డ్‌కు వచ్చింది, పరీక్షల రోజున వచ్చింది, కాబట్టి లోపలివాడే అయ్యుంటాడు. యూనివర్సిటీ వైఫై వాడాలంటే సొంత ఐడీతో లాగిన్ కావాలి. టోర్ రిలేల ఐపీల జాబితా బహిరంగమే. మెయిల్ రావడానికి ముందు కొన్ని గంటల్లో మన వైఫై నుంచి టోర్‌కు ఎవరు కనెక్ట్ అయ్యారు? లాగ్స్‌లో పేరు దొరికింది. ఎఫ్‌బీఐ వాళ్లు వెళ్లి అడిగారు, అతను ఒప్పుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, టోర్ దాచింది అతను *ఎవరితో* మాట్లాడాడన్న సంగతి. అతను *టోర్ వాడాడన్న* సంగతిని అది దాచలేదు, దాస్తానని చెప్పనూ లేదు. మామూలుగా ఒక దేశంలో లక్షలాది మంది వాడుతున్నప్పుడు 'ఇతను టోర్ వాడాడు' అన్నది సమాచారమే కాదు. ఒక క్యాంపస్‌లో, ఒక పొద్దున, పరీక్షకు ముందు అనేసరికి ఆ గుంపు వేళ్ల మీద లెక్కపెట్టేంత అయిపోయింది. నేవీ వాళ్లు భయపడింది సరిగ్గా దీనికే.

ఇలాంటి చోట బ్రిడ్జ్ అనే ఏర్పాటు ఉపయోగపడుతుంది. బ్రిడ్జ్ అంటే బహిరంగ జాబితాలో లేని మొదటి రిలే. టోర్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో Connection కింద ఉంటుంది. obfs4 రకం ట్రాఫిక్‌ను ఏ పోలికా లేని చెత్తలా కనపడేట్టు చేస్తుంది. Snowflake రకం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మామూలు మనుషుల బ్రౌజర్ల మీదుగా వెళ్తుంది, చూసేవాళ్లకు వీడియో కాల్‌లా అనిపిస్తుంది. టోర్‌ను అడ్డుకునే దేశాల కోసం పుట్టినవి ఇవి. టోర్ వాడుతున్నట్టు పక్కవాడికి తెలియకూడదన్నా ఇవే దారి. వేగం మాత్రం ఇంకా తగ్గుతుంది.

ఎగ్జిట్ దగ్గర, గడియారం దగ్గర

రెండో కొసన ఇంకో గండి ఉంది. 2007లో స్వీడన్‌కు చెందిన భద్రతా నిపుణుడు డాన్ ఎగర్‌స్టాడ్ ఐదు ఎగ్జిట్‌లు నడిపి, వాటి గుండా పోతున్నదాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎంబసీలవి, ప్రభుత్వ కార్యాలయాలవి మెయిల్ పాస్‌వర్డ్‌లు కళ్లముందే పోతున్నాయి. అలాంటి వంద ఖాతాల వివరాలు బయటపెట్టాడు, వాటిలో మన దేశానివి కూడా ఉన్నాయి. అతను ఏ పొరనూ పగలగొట్టలేదు. చివరి పొర విప్పడం ఎగ్జిట్ పని, లోపల ఇంకో తాళం లేకపోతే ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది. ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్ వల్ల ఈ గండి చాలావరకు పూడింది. అయినా ఎగ్జిట్‌కు సైటు పేరు తెలుస్తూనే ఉంటుంది. టోర్ బ్రౌజర్ 'ఈ సైటు సురక్షితం కాదు' అని హెచ్చరిస్తే దాటుకుని ముందుకెళ్లకండి. సైటుకు టోర్ లోపలే తెరుచుకునే .onion అడ్రస్ ఉంటే అసలు ఎగ్జిట్‌తోనే పని ఉండదు. బీబీసీ, ఫేస్‌బుక్ లాంటివాటికి అలాంటి అడ్రస్‌లు ఉన్నాయి.

అన్నిటికంటే లోతైన గండి సమయం. మీరు గార్డ్‌కు పంపిన ముక్కలు అర సెకను తిరగకుండానే ఎగ్జిట్ నుంచి బయటపడతాయి. మధ్యలో ఏమైందో తెలియకపోయినా, రెండు కొసల దగ్గరా నిలబడి గడియారం చూసేవాడికి ఇక్కడ లోపలికి పోయిన అలే అక్కడ బయటికొచ్చిందని పోల్చడం కష్టం కాదు. తోటలోకి పైపు ఎక్కడ వెళ్లిందో తెలియకపోయినా, ట్యాప్ తిప్పినప్పుడల్లా ఏ మడిలో నీళ్లు వస్తున్నాయో చూస్తే చాలదూ! టోర్ తయారుచేసినవాళ్లు 2004 నాటి తమ పత్రంలోనే ఈ దాడిని తాము ఆపలేమని రాసేశారు. ఆపాలంటే ముక్కలను కావాలని నిలబెట్టి, కలగలిపి, ఆలస్యంగా పంపాలి. మిక్స్‌నెట్ అనే పద్ధతి అదే, డేవిడ్ చౌమ్ 1981లోనే ప్రతిపాదించాడు. మెయిల్ లాంటివాటికి అది బాగుంటుంది. పేజీ తెరుచుకోవడానికి నిమిషాలు పడితే మాత్రం ఎవరూ వాడరు, వాడేవాళ్లు లేకపోతే దాక్కోవడానికి గుంపు ఉండదు. అందుకని టోర్ వేగం వైపు మొగ్గింది.

ఇది కాగితం మీది భయం కాదని 2024 సెప్టెంబర్‌లో జర్మన్ టీవీ విలేకరులు బయటపెట్టిన కేసు చూపించింది. పిల్లలపై అఘాయిత్యాల సామగ్రి పంచుకునే ఒక వేదికపై దర్యాప్తులో పోలీసులు కొన్ని టోర్ రిలేలను చాలాకాలం గమనించి, సమయాలు పోల్చి, నిందితుడు వాడుతున్న గార్డ్‌ను పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ గార్డ్‌కు ఏ కస్టమర్లు కనెక్ట్ అవుతున్నారో టెలికాం కంపెనీ నుంచి తెలుసుకున్నారు. నిందితుడు వాడిన రికొషే అనే చాట్ యాప్ పాతబడిన వెర్షన్ అని, గార్డ్‌ను కనిపెట్టకుండా కాపాడే కొత్త ఏర్పాటు అందులో లేదని టోర్ ప్రాజెక్ట్ చెప్పింది. అలాంటివాడు దొరకడం మంచిదే. కాకపోతే అదే పద్ధతి ఒక విలేకరి మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, అప్‌డేట్ అడిగినప్పుడు 'రేపు చూద్దాం' అనకండి.

మన చేతులతో మనం పెట్టుకునే కన్నం

టోర్ బ్రౌజర్ వదిలేసి, వేరే ప్రోగ్రామ్‌లను టోర్ మీదుగా పంపాలనుకునేవాళ్లు ఎక్కువగా పడే గుంత ఒకటి చూపిస్తా. లినక్స్‌లో టోర్ సర్వీస్ నడుస్తుండగా ఈ రెండు కమాండ్లు ఇవ్వండి:

```
curl --socks5 127.0.0.1:9050 https://check.torproject.org/api/ip
curl --socks5-hostname 127.0.0.1:9050 https://check.torproject.org/api/ip
```

రెండింటికీ `"IsTor":true` అనే జవాబు వస్తుంది. రెండూ క్షేమమే అనిపిస్తుంది. కానీ మొదటిదానిలో సైటు పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్ ప్రశ్న టోర్ బయటి నుంచి, మామూలు దారిలో వెళ్లిపోయింది. మీరు ఏ సైటుకు వెళ్తున్నారో డీఎన్ఎస్ సర్వర్ నడిపేవాళ్లకు, అంటే సాధారణంగా మీ నెట్ కంపెనీకి, ముందే చెప్పేశారన్నమాట. నేను కూడా ఒకసారి ఇలాగే నెల రోజుల పాటు ఒక స్క్రిప్ట్ నడిపి, ఇంటి రౌటర్ లాగ్‌లో సైట్ల పేర్లన్నీ బారులు తీరి ఉండటం చూసి నాలుక కరుచుకున్నా.

టొరెంట్ ప్రోగ్రామ్‌లతో ఇంకా దారుణం, అవి మీ అసలు ఐపీని తామే అవతలికి చెప్పేయగలవు. ఇక టోర్ తెరిచి సొంత జీమెయిల్‌లో లాగిన్ అయ్యేవాళ్ల సంగతి చెప్పేదేముంది. మూడు పొరలు చుట్టుకుని, వెళ్లి పేరు చెప్పి తలుపు కొట్టినట్టు.

ఇంతకీ ఎవరికి ఏది

మా తమ్ముడి విషయానికొస్తే, వాడి భయం పీజీ హాస్టల్ వైఫై. వీపీఎన్ ఉంచుకోమన్నా, టోర్ అక్కర్లేదన్నా.

తన జబ్బు గురించో, తన చట్టపరమైన చిక్కు గురించో వెతుక్కునేవాళ్లకు నా ఓటు టోర్ బ్రౌజర్‌కే. డబ్బు కట్టక్కర్లేదు, ఏ ఒక్క కంపెనీకీ రెండు కొసలూ తెలియవు. సెట్టింగ్స్ కెలక్కండి, యాడ్-ఆన్‌లు వేయకండి. అందరి బ్రౌజర్లూ ఒకేలా కనపడటమే దాని బలం. బ్యాంకు పనులకు మాత్రం టోర్ వాడకండి. బ్యాంకుకు మీరెవరో ఎలాగూ తెలుసు, జర్మనీ నుంచి లాగిన్ వచ్చిందని ఖాతా ఆపేస్తే అదో తలనొప్పి.

రెండూ కలిపితే? వీపీఎన్ పెట్టి దాని మీద టోర్ తెరిస్తే, మీరు టోర్ వాడుతున్నట్టు నెట్ కంపెనీకి బదులు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. ఆ అవసరమే ఉంటే బ్రిడ్జ్ మేలని నా అభిప్రాయం. టోర్ మీదుగా వీపీఎన్‌కు వెళ్లడం మాత్రం అనవసరం. మూడు రిలేలు దాటి వెళ్లి, మీ పేరున్న ఖాతాలో దిగినట్టే.

ఇక ఆఫీసులో జరిగే తప్పుడు పని తాలూకు కాగితాలు ఒక విలేకరికి చేర్చాలనుకునే ఉద్యోగి. ఇక్కడ హార్వర్డ్ కథను మళ్లీ చదవాలి. ఆఫీసు వైఫై వద్దు, ఆఫీసు ల్యాప్‌టాప్ అసలే వద్దు. దానిలో కంపెనీ పెట్టిన నిఘా సాఫ్ట్‌వేర్ పొరలు చుట్టక ముందే స్క్రీన్‌ను చూస్తుంది. సొంత మెషీన్, సొంత నెట్, టోర్ బ్రౌజర్, వీలైతే రహస్యంగా కాగితాలు అందుకోవడానికి ఆ పత్రిక నడిపే సెక్యూర్‌డ్రాప్ .onion అడ్రస్. అక్కడ పేరు అడగరు, ఏడు మాటల కోడ్‌నేమ్ ఒకటి ఇస్తారు. మళ్లీ వచ్చి జవాబు చూసుకోవాలంటే అదే ఆధారం, గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత ఫైలు సంగతి చూడాలి. వర్డ్ ఫైల్‌లో రాసినవాళ్ల పేరు, ఫొటోలో తీసిన ఫోన్ మోడల్, కొన్నిసార్లు చోటు కూడా ఉంటాయి. అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఫైలును ఆఫీసు సర్వర్ మీద ఇప్పటిదాకా ఎంతమంది తెరిచారు? నలుగురే అయితే టోర్ ఎంత బాగా పనిచేసినా అనుమానితులు నలుగురే. అలాంటప్పుడు ఆ ఫైలు పంపకుండా, అందులోని విషయం మాత్రం చెప్పి, కాగితం ఇంకెక్కడ దొరుకుతుందో విలేకరినే వెతుక్కోమనడం మంచిది.